ఏసన్న పూసుకున్న సెంటు

ఏసన్న గడప దాటి లోపలికి వస్తే చాలు, భార్య కృపమణికి దగ్గు అందుకునేది. ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. ఆయన మంచం పక్కన కాసేపు నిలబడి, బయటికి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

వేంపల్లెకు దగ్గరి పల్లెలో ఏసన్న సంఘపెద్ద. ఊళ్లో క్రైస్తవుల ఇళ్లలో ఎవరు పోయినా, కడిగి, తెల్లబట్ట కట్టి, పెట్టెలో పడుకోబెట్టి సెంటు చల్లేది ఆయనే. ఎండాకాలం శవం దగ్గర నిలబడాలంటే సెంటు ఘాటుగా ఉండాలి. ప్రార్థన గుడి బీరువాలో ఆ సెంటు బుడ్లు ఎప్పుడూ ఉండేవి. ఒకటి ఇంటికి తెచ్చుకుని వాడుకోవడం ఆయనకు తప్పనిపించలేదు. సంఘం పెట్టిన మంచి సరుకు అనుకున్నాడు.

ముసలితనం వచ్చాక ఒంటికి ఒక వాసన వస్తుందని ఆయనకు భయం. శవాలు కడిగిన చేతులకు ఆ భయం ఇంకా ఎక్కువ. భార్య ముఖం తిప్పుకున్న రోజు, తన ఒళ్లు కంపు కొడుతోందని అనుకున్నాడు. స్నానం చేసి చంకల్లో, చొక్కా మీద, మెడ చుట్టూ సెంటు చల్లుకున్నాడు. ముక్కులో కొంచెం చురుక్కుమన్నట్టు తెలిసింది, అంతే. చాలలేదని మళ్లీ చల్లుకున్నాడు. ఆమె దగ్గు ఎక్కువైంది. మరునాడు ఇంకొంచెం ఎక్కువ చల్లుకున్నాడు.

కట్టెల పొయ్యి ముందు బతుకంతా కూర్చుని కృపమణి ఊపిరితిత్తులు పాడయ్యాయి. పులివెందులలో డాక్టరు ఇక మందులతో నెట్టుకురావడమే అన్నాడు. కూతురు నిస్సీ వచ్చి తల్లి దగ్గరే ఉంటోంది. నాయన లోపలికి వచ్చి వెళ్లగానే కిటికీలు తెరిచి, తల్లికి మందు ఆవిరి పట్టించేది.

"చెప్తానుమా నాయనకి. ఆ సెంటుతోనే నీకు ఆయాసం."

"చెప్పావంటే నేను మందు ముట్టను." కృపమణి ఆయాసపడుతూనే అన్నది. "పూసుకోనీలే. నీకేం తెలుసు."

నిస్సీ బుడ్డి దాచిపెట్టింది. ఆయన గుడి నుంచి ఇంకొకటి తెచ్చుకున్నాడు. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా మాడు వాసన కమ్మింది. పక్కనే ఉన్న ఏసన్న వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్నాడు.

"ఏం నాయనా, ముక్కు తాకట్టు పెట్టినావా?" అన్నది నిస్సీ.

"పొయ్యి దగ్గర నువ్వుండాల్సింది పోయి నన్నంటాండావే," అని ఆయన కసురుకున్నాడు.

ఆ వారం కృపమణి నీరసించిపోయింది. మాట బయటికి రావడమే కష్టమైంది. ఈమె పోకముందు ఒక్కసారి పక్కన కూర్చుని చేయి పట్టుకోవాలని ఏసన్న కోరిక. ఆయనకు ఇంకేమీ అక్కరలేదు. దగ్గరికి పోతే ఆమె ఊపిరి అందక కొట్టుకుంటోంది. తన కంపంతా పోయే సెంటు కావాలని కడపకు బస్సెక్కాడు. పెద్ద దర్గా వీధిలో మహబూబ్ బాషా అత్తరు కొట్టు ఆయనకు తెలుసు.

ఆయన కొట్టులో అడుగు పెట్టగానే బాషా భుజం మీది కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరన్నా పోయినారా పెద్దాయనా? మట్టి చేసి వస్తాండావా?"

"ఎవరూ పోలేదు సాయిబూ. నాకే కావాల. ఇంతకంటే గట్టిది ఉంటే ఇయ్యి."

"ఇంతకంటే గట్టిదా! బస్సులో పక్కన ఎవరన్నా కూర్చున్యారా?"

ఏసన్న ఆలోచించాడు. సీటంతా ఖాళీగానే వచ్చింది. వయసుకు మర్యాద ఇచ్చారని అనుకున్నాడు.

బాషా నవ్వు ఆపేశాడు. మూడు పుల్లలకు దూది చుట్టి, లోపలికి పోయి ముంచుకొచ్చి, ఒక్కొక్కటి ముక్కు కింద పెట్టాడు. "ఏది గులాబీ? ఏది వట్టివేరు?"

"అన్నీ ఒకటే."

"ఒకటి ఉత్త కొబ్బరినూనెప్పా." తర్వాత చిన్న సీసా మూత తీసి చూపించాడు. "ఇది?"

"ఇది తెలుస్తాండాదిలే! సల్లగా, చురుక్కుమంటాండాది."

"పుదీన పువ్వు, పిప్పరమెంట్లో వేసేది. అది వాసన కాదు పెద్దాయనా, చలువ. ముక్కులో వాసన తెలిసే నరం వేరు, మంట తెలిసే నరం వేరు. వయసులో మొదటిది నిదానంగా సచ్చిపోతాది. మా అమ్మకూ అట్లే అయ్యింది, ఆమెకూ తెలీలేదు. నీ సెంట్లో స్పిరిట్టు కొరికేదే నువ్వు వాసన అనుకుంటాండావు. నీకు ఆ మాత్రం తెలియాలంటే పక్కనోడికి మిరపకాయల పొగైతాది. గట్టిది పూసుకుంటే నీకు వాసన రాదు, పక్కనోళ్ల గొంతులోకి దిగుతాది."

ఏసన్న నెమ్మదిగా అడిగాడు. "ఊపిరి సరిగ్గా ఆడనోళ్లకి?"

"అయ్యో. వాళ్లకు విషమే కదప్పా. ఎవరుండారు ఇంట్లో?"

"నా పెండ్లాము. బిడ్డ చూసుకుంటాండాది." ఏసన్న బల్ల అంచు పట్టుకున్నాడు. బాషా అది చూసి స్టూలు జరిపి కూర్చోబెట్టాడు. వట్టివేరు అత్తరు చిన్న సీసా తీసి చూపించి, మళ్లీ లోపలికి పెట్టేశాడు.

"గుడికి, పెండ్లికి పోయేప్పుడు ఇట్లాటిది ఒక్క చుక్క చాలు. ముసలి తోలు ఎండిపోయి ఉంటాది, వాసన నిలబడదు. మణికట్టుకు ఇంత కొబ్బరినూనె రాసి దాని మీద చుక్క పెట్టు. చాలిందో లేదో నీ ముక్కును అడగద్దు. బిడ్డను చేయి సాచినంత దూరంలో నిలబెట్టి అడుగు. పక్కకొస్తేనే తెలియాల, వాకిట్లోనే తెలిస్తే ఎక్కువైనట్టు. ఆమె దగ్గరికి పోయేప్పుడు మటుకు ఇది కూడా వద్దు. ఉత్త నీళ్లు, వాసన లేని సబ్బు. వేసుకునే గుడ్డలు కూడా ఉతికినవి, బట్టల పెట్టెలో సెంటు పట్టినవి కాదు."

ఇంటికి వచ్చిన ఏసన్న దొడ్లోనే బట్టలన్నీ విప్పి స్నానం చేశాడు. మళ్లీ చేశాడు. ఆయన చెప్పింది విని నిస్సీ పక్కింటి శామ్ పంచె, బనీను అడిగి తెచ్చింది. ఆయన చేతులు ముందుకు సాచి నిలబడ్డాడు.

"చూడుమా. ఏమన్నా వస్తాండాదా?"

నిస్సీ చేతులు, మెడ, తల వాసన చూసింది. "లేదు నాయనా." ఆయన చేతులు వదల్లేదు. "చెప్పకపోతి, తప్పైపాయ. అమ్మ చెప్పనీలా."

ఆయన లోపలికి పోయి మంచం పక్కన కూర్చున్నాడు. కృపమణి కళ్లకు శుక్లాలు, మసక తప్ప ఏమీ కనిపించదు. దగ్గు రాలేదు. ముఖం తిప్పుకోలేదు.

"ఎవరు? శామా?" అన్నది. "మా ఆయన యాడికి పోయినాడప్పా?"

"నేనే కృపా."

ఆమె చేయి తడుముతూ వచ్చి ఆయన మోకాలి మీద ఆగింది. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ మాట్లాడింది.

"పూసుకోకుండా వచ్చినావే. నా కంపు తట్టుకుంటావా?"

"నీ కంపేందే?"

"మంచంలోనే అన్నీ... నీకు రోత పుట్టే పూసుకుంటాండావు అనుకున్యా. అది కూడా లేకుంటే ఇంక దగ్గరికే రావని, చెప్పద్దన్యా బిడ్డకు."

తన ఒళ్లే కంపు కొడుతోందని ఆయన, తన ఒళ్లే కంపు కొడుతోందని ఆమె. ఇన్ని నెలలు మధ్యలో ఆ బుడ్డి. ఎన్నో శవాల పక్కన కూర్చుని ఇంటివాళ్లకు ధైర్యం చెప్పిన మనిషి, ఆమె చేయి పట్టుకుని ఏడ్చాడు.

తర్వాత వంగి ఆమె జుట్టులో ముక్కు పెట్టాడు. పెండ్లైన కొత్తలో ఆమె తలకు ఏ నూనె రాసేదో, కొప్పులో ఏం పెట్టేదో ఆయనకు గుర్తుంది. గట్టిగా పీల్చాడు. ఏమీ తెలియలేదు. మళ్లీ పీల్చాడు. గాలి లోపలికి పోయి వచ్చింది, అంతే.

"వస్తాండాదా?" అన్నది కృపమణి.

"వస్తాండాది."

"ఏం వాసన?"

"నీదేనే."

ఆమె తృప్తిగా కళ్లు మూసుకుంది. చేయి ఆయన చేతిలోనే ఉండిపోయింది. తెల్లవారేలోగా అది చల్లబడింది. తల్లి ఆయాసం ఆగిపోయిందని గుమ్మంలో నిలబడిన నిస్సీకి తెలిసింది గానీ, నాయన ఇంకా ఆ జుట్టు దగ్గరే ఊపిరి పీలుస్తూ ఉన్నాడని కదిలించలేదు.