కుట్టా, స్పైరలా

ఇలా దగ్గరికి వచ్చి కూర్చో. ఆ ఫోను కాస్త బోర్లా పెట్టు. నేను చెప్పబోయేది దాని సంగతే, కానీ అది వినక్కర్లేదు.

మా అమ్మాయి నోటుబుక్కుల పని నీకు తెలుసుగా. ఇంటి ముందుగదే కార్ఖానా. కిటికీ కింద పొడవాటి బల్ల, దాని పక్కన కాగితం కోసే మిషను, మూలన కట్టలు కట్టలుగా తెల్ల కాగితం. నా పని కాగితాలు మడవటం. చెక్క పలకతో మడత మీద ఒక్కసారి గట్టిగా గీస్తే కత్తి అంచులా నిలబడాలి. కుట్టడం మా చెల్లి పని. పెళ్లీ పిల్లలూ లేని మనిషి, ముప్పై ఏళ్లుగా మాతోనే ఉంది. కొవ్వొత్తి మైనం రాసిన దారంతో ఎనిమిది మడతల్ని ఒక్కటిగా కుడితే ఒక బుక్కు. ఆ బుక్కు ఎక్కడ తెరిచినా చాపలా పరుచుకుంటుంది. దానికే జనం మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

మా చెల్లి మాట తక్కువ మనిషి. మా ఇద్దరికీ దేవుడిచ్చిన మాటలన్నీ నేనే వాడేసుకున్నానని మా అమ్మ అనేది.

అమ్మాయి అమ్మేది ఫోనులో. అందులో మా బుక్కులకి ఒక పేజీ ఉంది, ఆ పేజీలో స్టోరీ అని ఒకటి పెడుతుంది. ఇవాళ పెడితే రేపు అదే వేళకి మాయమైపోతుంది. నాలుగు వేల మంది దాకా ఆ పేజీని అనుసరిస్తారట. వాళ్లని ఏదో ఒకటి అడుగుతూ ఉండాలి, అడక్కపోతే మర్చిపోతారు అంటుంది అమ్మాయి. అడగడానికి దాని దగ్గర మూడు రకాలున్నాయి. పోల్ అంటే ఇదా అదా అని రెండు మీటలు పెట్టడం. ప్రశ్నల డబ్బా అంటే ఖాళీ గడి పెట్టి మీరేమంటారో రాయండి అనడం. క్విజ్ అంటే సరైన జవాబు తను ముందే పెట్టుకుని మిగతావాళ్లని కనుక్కోమనడం.

మొదట డబ్బా పెట్టింది, మా బుక్కుల్లో మీకు నచ్చనిదేంటని. జవాబులు వస్తుంటే మడతలు వేస్తూ నేను వినేదాన్ని, అమ్మాయి పైకి చదివేది. గీతలు వద్దు చుక్కలు కావాలని ఒకరు. పెన్ను పెట్టుకోవడానికి చోటు కావాలని ఒకరు. అవన్నీ కాగితం మీద రాసుకుంది. వాటిలోంచే చుక్కల బుక్కు పుట్టింది, బాగానే పోయింది. ఎవరో ఒకావిడ మాత్రం ఇలా అడిగింది: అన్ని బుక్కులు చేత్తో కుడుతుంటే ఆ కుట్టే ఆవిడ చేతులు నొప్పెట్టవా?

అమ్మాయి నవ్వి, ఆ ప్రశ్ననే స్టోరీలో పంచుకుంది. అలా పంచుకుంటే అడిగినవాళ్ల పేరు బయటికి కనబడదు, ప్రశ్న మాత్రమే కనబడుతుంది. కింద మా చెల్లి చేతుల ఫొటో పెట్టి, మా పిన్నివి బంగారు చేతులు అని రాసింది. ఎర్ర గుండెకాయ బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. నేను పొంగిపోయాను. మా చెల్లి సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. ఆ దారం మూడోసారికి గానీ ఎక్కలేదు. నేనది చూశాను. చూసి ఊరుకున్నాను. అదీ నాకిప్పుడు గుర్తొచ్చేది.

ఆ మర్నాడు క్విజ్ పెట్టింది. మా బుక్కు ఒకటి కుట్టడానికి సూది ఎన్నిసార్లు కాగితంలో దిగుతుంది అని. పన్నెండు, ఇరవైనాలుగు, నలభై ఎనిమిది, తొంభై ఆరు. ఎక్కువమంది పన్నెండు నొక్కారు. తప్పు నొక్కితే ఎర్రగా, ఒప్పు నొక్కితే ఆకుపచ్చగా వెలుగుతుంది. మడతకి ఆరు బెజ్జాలు, ఎనిమిది మడతలు, వెరసి నలభై ఎనిమిది. మా చెల్లికి కూడా ఫోనులో ఒక ఖాతా ఉంది. అమ్మాయే తెరిచి, దారపుండ బొమ్మ పెట్టి ఇచ్చింది. తను కూడా నొక్కిందట. పని తెలిసిన ఒక్కదానికే ఒప్పు వచ్చిందని అమ్మాయి ఆటపట్టించింది.

"జనానికి కుట్టు విలువే తెలీదమ్మా. తెలియని దానికోసం పిన్నిని ఎందుకు ఇంత కష్టపెట్టాలి?" అని ఆ రోజే నాతో అంది. తన ఆలోచన ఏమిటంటే, తీగ చుట్టే స్పైరల్ మిషను పెడితే పని పదింతలు వేగం. కానీ తనకు తాను తేల్చుకోలేక పోల్ పెట్టింది. వచ్చే మూడు నెలలూ చేసే బుక్కు కుట్టుదా, స్పైరల్‌దా, మీరే తేల్చండి, ఏది గెలిస్తే అదే అని రాసేసింది. స్పైరల్ గెలిస్తే పిన్ని అట్టలకి జిగురు రాసుకుంటూ కూర్చోవచ్చులే అంది.

ముప్పై ఏళ్లు సూది పట్టిన మనిషిని జిగురు డబ్బా ముందు కూర్చోబెడతారా? మా చెల్లి ముఖం చూశాను. అది దారానికి మైనం రాస్తూనే ఉంది. బాధ దిగమింగుకుంటోందనుకున్నాను.

ఇక చూసుకో, కాళ్లకి చక్రాలు కట్టుకున్నాను. పక్క వీధి మందుల షాపులో కూర్చునే అమ్మాయి, పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే పిల్ల, నా మనవళ్ల స్నేహితులు, వీధిలో కనబడిన ప్రతివాడూ. ఫోను తియ్యి, ఆ పేజీ తెరువు, పైన గుండ్రటి బొమ్మ నొక్కు, కుట్టు అన్నచోట వేలు పెట్టు. ఇదే పాట. ఇస్త్రీ అబ్బాయైతే నేను చెప్పేది పూర్తవకముందే స్పైరల్ నొక్కేశాడు. ఎందుకురా అంటే, నొక్కితే గానీ దేనికెంత శాతమో కనబడదట, లెక్క చూద్దామని నొక్కాడట. వాడిని తిట్టిన తిట్టు మళ్లీ తిట్టకుండా తిట్టాను. అలా చూడ్డానికే నొక్కినవాళ్లు ఇంకెంతమందో అనిపించింది.

సాయంత్రానికి కుట్టు నలభై తొమ్మిది, స్పైరల్ యాభై ఒకటి. మర్నాడు పొద్దున స్టోరీ మాయమయ్యే వేళకి కుట్టు యాభై ఒకటి, స్పైరల్ నలభై తొమ్మిది. మొత్తం రెండొందల పన్నెండు మంది. కుట్టుకి నూటతొమ్మిది, స్పైరల్‌కి నూటమూడు. నేను తెచ్చినవాళ్లే ఇరవై మందికి తగ్గరు. అంటే గెలిపించింది నేనే. మా చెల్లి భుజం మీద చెయ్యి వేసి, నీ బల్ల ఎవరూ లాక్కోలేరే అన్నాను. అది నవ్వింది. ఆ నవ్వు నాకు ఆ రోజు నవ్వులాగే కనబడింది.

అమ్మాయి ఫలితం చెప్పి, ముందుగా ఆర్డర్లు తీసుకుంటానంది. ఆ వారంలో మూడొందలు వచ్చాయి. అట్ట మీద ఎవరి పేరు వాళ్లకి అచ్చు వేయిస్తామంది కాబట్టి, ఆ పేర్లన్నీ అచ్చుకి వెళ్లిపోయాయి కూడా.

అచ్చు వేసిన అట్టలు వచ్చిన మధ్యాహ్నం, అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. పోల్‌లో ఎవరు ఏది నొక్కారో పెట్టినవాళ్లకి పేర్లతో సహా కనబడుతుంది. మిగతావాళ్లకి శాతమే. స్టోరీ పోయినా పెట్టినవాళ్ల పాత సామానులో దాచి ఉంటుంది. మనదగ్గర ఇంతకుముందు కొన్నవాళ్లు ఏది నొక్కారో చూసి, స్పైరల్ అడిగినవాళ్లకి తర్వాత ఏదైనా చేద్దామని జాబితా తెరిచింది. వేలితో పైకి జరుపుతూ జరుపుతూ ఆగిపోయింది. ఫోను నా ముందుకి తోసింది.

నాకు చదువు అంతంతమాత్రం. బొమ్మ గుర్తుపట్టడానికి చదువెందుకు? స్పైరల్ వరసలో దారపుండ.

వేలు జారి ఉంటుంది అన్నాను. క్విజ్‌లో జారలేదుగా అంది అమ్మాయి.

ఆ సాయంత్రం దొడ్డివైపు అరుగు మీద మా చెల్లి వేణ్నీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుంది. రోజూ కూర్చుంటుంది. మైనం పోవడానికి అనుకునేదాన్ని. వెళ్లి పక్కన కూర్చున్నాను. చుట్టూ తిప్పడం నాకు చేతకాదు, స్పైరల్ ఎందుకు నొక్కావని నేరుగా అడిగేశాను.

"అది ఎవరికీ కనబడదనుకున్నాను అక్కా" అంది, నీళ్లల్లో బొటనవేలు నొక్కుకుంటూ.

"బొటనవేలు ఎన్నాళ్లనుంచి?"

"రెండేళ్లు. పొద్దున్నే ముడుచుకోదు. పది బుక్కులయ్యాక గానీ దారిలోకి రాదు."

"నాతో ఒక్క మాట చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

నీళ్లల్లో చేతులు కదుపుతూ, "మీరెవరూ అడగలేదక్కా. బంగారు చేతులన్నారు, అడగలేదు. ఫోను అడిగింది. చెప్పాను" అంది.

నేను లేచి వెళ్లి ఇంకో చెంబు వేణ్నీళ్లు తెచ్చి ఆ గిన్నెలో పోశాను.

ఇక ఆ తర్వాత మేం పడ్డ అవస్థ ఏం చెప్పను. అమ్మాయి అందరికీ నిజం రాసి మూడొందలూ స్పైరల్ చేసేస్తానంది. మా చెల్లి ఒప్పుకుంటేగా. నా వేలి మీద ఊరంతా మళ్లీ ఓటేయాలా అంది. నువ్వే తేల్చమన్నావు, వాళ్లు తేల్చారు, ఇప్పుడు కాదంటే నీ మాట ఎవరు నమ్ముతారు అని అమ్మాయికే బుద్ధి చెప్పింది. ఇంకొకరిని పెడదామంటే చెయ్యి కుదరడానికి నెలలు పడుతుంది. నేను కుడతానని కూర్చున్నాను. మూడు బుక్కులు కుట్టాను. అవి నా పళ్లలాగే కదులుతున్నాయి. మా చెల్లి మూడూ విప్పి మళ్లీ కుట్టింది. నా సాయం వల్ల దానికి మూడు బుక్కుల పని పెరిగింది.

డాక్టరు వేలికి పట్టీ ఇచ్చి, విశ్రాంతి అన్నాడు. పట్టీ పెట్టుకుంటే సూది పట్టు దొరకదు. పట్టీ బల్ల మీద, వేలు బుక్కు మీద.

మొదటి వంద బుక్కులు చేరాక అమ్మాయి మళ్లీ ప్రశ్నల డబ్బా పెట్టింది. ఈసారి దానికి వేరే ఆశ. బుక్కు ఎలా ఉందని అడిగితే, ఎవరైనా స్పైరలే నయం అంటారేమోనని, అంటే దాన్ని పట్టుకుని దారి మార్చొచ్చని. ఒక్కరంటే ఒక్కరు అనలేదు. కుట్టు ఎంత అందంగా ఉందో అని రాశారు. ఈ కుట్టు ఎప్పటికీ ఆపకండి అని రాశారు. ఒకాయనైతే రెండోది కావాలన్నాడు. అమ్మాయి పైకి చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. చదువు, పర్లేదు అంది మా చెల్లి.

ఇవాళ్టికి నూట డెబ్బై అయ్యాయి. నూట ముప్పై ఉన్నాయి. ఒక్కోదానికి నలభై ఎనిమిది సార్లు. నేను దాని ఎదురుగా కూర్చుని దబ్బనంతో బెజ్జాలు పొడుస్తాను, సూదుల్లో దారం ఎక్కించి వరసగా గుచ్చి పెడతాను. నా కళ్లకి ఒక్కో సూదీ ఒక యుద్ధమే. ఎంత ఎక్కించినా కుట్టేది మాత్రం అదే. నొప్పెడుతుందా అని ఇప్పుడు గంటగంటకీ అడుగుతున్నాను. విసుక్కుంటోంది. ఇప్పుడడిగి ఏం లాభం, దారం ఇవ్వు అంటుంది.

లోపలికి వెళ్లాక దాని చేతుల వంక జాలిగా చూడకు, దానికి గిట్టదు. కానీ ఈ కథ మర్చిపోకు తల్లీ. మా చెల్లి పేరు ఎత్తకుండా నలుగురికీ చెప్పు. మూడు రకాలుగా అడగడం వచ్చిన ఇంట్లో, పక్కనే కూర్చున్న మనిషిని అడిగింది ఫోను ఒక్కటేనని, అప్పుడు కూడా ఆ మనిషి జవాబుని ఓడించి కుట్టుని గెలిపించుకున్నది నేనేనని చెప్పు.