గీత చదునుగా ఉన్న చోట

ఇరవై రెండేళ్ళుగా వైద్య విద్యార్థులకు ఫిజియాలజీ చెబుతున్నాను. అక్షాల మీద ఏం రాసి ఉందో చూడకుండా గ్రాఫ్ గురించి నోరు తెరిచినవాణ్ణి నిలబెట్టి కడిగేస్తాను. చాటుగా పిల్లలు నన్ను గీతల మేడమ్ అంటారు. తెలియనట్టే ఉంటాను గానీ, ఆ పేరంటే నాకు లోలోపల ఇష్టమే.

ఆ రోజు పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చేశాక, మధ్యాహ్నం ఒకమ్మాయి నా గదికి వచ్చింది. ప్రతి పాఠంలోనూ చెయ్యెత్తుతుంది కాబట్టి స్టాఫ్ రూములో మేం ఆమెకు సందేహం అని పేరు పెట్టుకున్నాం. యాభైకి నలభై ఆరు వచ్చాయి, తరగతిలో అందరికంటే ఎక్కువ. అయినా వచ్చిందంటే అర మార్కు కోసం ఒంటికాలి మీద లేచే రకమే అనుకున్నాను.

"మొదటి ప్రశ్నకి సున్నా వేశారు మేడమ్. ఎందుకో తెలుసుకుందామని."

అది పిల్లలకు బెరుకు పోవడానికి నేనిచ్చిన తేలిక ప్రశ్న. ముప్పై ఎనిమిదేళ్ళ ఆరోగ్యవంతురాలైన స్త్రీ, బరువులో మార్పు లేదు, ఏడాదికొకసారి చేయించిన రక్తపరీక్షలో, మూత్రపిండాలు వడపోసి బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం విలువలు: 0.6, 0.7, 0.8, 0.9, 1.1. ల్యాబు వాళ్ళ సాధారణ పరిధి 0.6 నుంచి 1.1 వరకు. వ్యాఖ్యానించండి, రెండు మార్కులు. అన్నీ పరిధిలోనే ఉన్నాయని రాస్తే చాలు. అసలు పరీక్ష మూడో ప్రశ్నలో ఉంది. మూత్రపిండాల వడపోత అడ్డంగా, రక్తంలోని క్రియాటినిన్ నిలువుగా పెట్టి గీసిన వంపు గీత అది. వడపోత తగ్గుతుంటే క్రియాటినిన్ ఎలా పెరుగుతుందో చెప్పమన్నాను.

సందేహం తన పేపరు తిప్పి చూపించింది. మొదటి ప్రశ్నలోని అయిదు అంకెల్నీ తీసుకెళ్ళి మూడో ప్రశ్న గీత మీద అయిదు చుక్కలు పెట్టింది. కింద ఇలా రాసింది: "ఈమెను ఆరోగ్యవంతురాలు అనలేం. వడపోత దాదాపు సగానికి పడిపోయింది." దాని మీద నా ఎర్ర సిరా: "అడిగినదానికి జవాబు రాయండి."

"రెండు ప్రశ్నల్నీ కలపమని ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు మేడమ్. కానీ కండరాలు రోజూ తయారుచేసే క్రియాటినిన్ అంతే ఉన్నప్పుడు, రక్తంలో అది ఎన్ని రెట్లు పెరిగితే వడపోత అన్ని రెట్లు తగ్గినట్టే కదా. 0.6ని 1.1తో భాగిస్తే నూటికి యాభై అయిదు. నిమిషానికి నూట పది మిల్లీలీటర్ల వడపోత ఉన్నది అరవై అయినట్టు."

"కండ పెరిగి ఉండొచ్చుగా?"

"బరువు మారలేదని మీరే ఇచ్చారు మేడమ్."

నిజమే, నేనే ఇచ్చాను. అయినా ఓడిపోవడం నా జాతకంలో లేదు. "బరువు మారకుండా కొవ్వు పోయి కండ రావచ్చు" అని సాగదీశాను.

"అయిదేళ్ళపాటు వరసగానా?" అంది ఆమె. "ఇవి ఎవరివో నిజం అంకెలు కదా మేడమ్? మీరు కల్పించిన ప్రశ్నల్లో అంకెలు సులువుగా భాగించడానికి వస్తాయి. ఇవి రావడంలేదు. ఆవిడకి ఎవరైనా చెప్పారా?"

"కల్పించినవే. వెళ్ళు" అన్నాను. వెళ్ళింది. తలుపు దగ్గరికి వేసి కుర్చీలో కూలబడ్డాను.

కల్పించినవి కావు. ప్రశ్నపత్రం హడావుడిగా తయారుచేస్తూ, మంచి సాధారణ విలువలు కావాలని ఫోను తెరిచి, నా చెల్లెలి రిపోర్టుల ఫోటోల్లోంచి దింపాను. బరువూ వయసూ కూడా దానివే.

మా చెల్లెలికి బట్టలు కుట్టే దుకాణం ఉంది. రోజుకి పది గంటలు మిషను మీద వంగి ఉండేసరికి ఆరేళ్ళ క్రితం మెడనొప్పి పట్టుకుంది. నొప్పి మాత్రలు రోజుకొకటి వేసుకోమన్నది నేను. తగ్గలేదంటే రెండు వేసుకోమన్నదీ నేనే. ఎందుకైనా మంచిదని ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించి ఫోటో పంపమనేదాన్ని. పంపేది. విలువ చూసేదాన్ని, పక్కనున్న పరిధి చూసేదాన్ని, నార్మల్ అనేదాన్ని. ల్యాబు కాగితం మీద ఆ ఏటి అంకె ఒక్కటే ఉంటుంది. పరిధి దాటితేనే పక్కన నక్షత్రం పడుతుంది. అయిదు కాగితాల్లో ఎక్కడా నక్షత్రం పడలేదు. అయిదింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలని గీతల మేడమ్‌కి తోచలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. మూడో ఏడు రిపోర్టు పంపినప్పుడు అది ఫోన్ చేసింది. "అక్కా, మొదట్లో ఆరు, పోయినేడు ఏడు, ఇప్పుడు ఎనిమిది. పెరుగుతోంది కదే?" అంది. "ఒసేయ్, పాయింటులో పదోవంతు అది. డాక్టరువి నువ్వా నేనా?" అని నవ్వాను. "నువ్వేలే తల్లీ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, నాకు నా పెరటి చెట్టే దిక్కు" అని అదీ నవ్వింది.

నొప్పి మాత్రల మోతాదు గీత కూడా నేను పాఠం చెప్పేదే. నొప్పి తగ్గించే గుణం కొంత మోతాదు దగ్గర ఆగిపోతుంది, ఆ పైన గీత చదునైపోతుంది. మూత్రపిండాలకు చేసే హాని గీత అక్కడ ఆగదు. బోర్డు మీద రెండు రంగుల సుద్దలతో గీసి మరీ చెబుతాను. చెప్పిన నోటితోనే దాన్ని రెండు వేసుకోమన్నాను.

ఆటో ఎక్కి నేరుగా దుకాణానికి వెళ్ళాను. చెల్లెలు బల్ల మీద బట్ట పరిచి కత్తిరిస్తోంది. బల్ల చివర మాత్రల అట్ట, నీళ్ళ సీసా.

"ఏంటే, కాలేజీ నుంచి వెళ్ళగొట్టారా?" అంది.

మాత్రల అట్ట తీసి చెత్తబుట్టలో పడేశాను. "ఇవి ఇక ముట్టుకోకు. రేపు పొద్దున్నుంచి ఎల్లుండి పొద్దుటిదాకా ఒక్క చుక్క వదలకుండా మూత్రమంతా డబ్బాలో పట్టాలి."

"బాగుంది సంబడం. కస్టమర్లొస్తే ఆ డబ్బా ఏంటని అడిగితే ఏం చెప్పను, మా అక్క పరిశోధన అనా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. "ఏమైంది అక్కా?"

"ఏమీ లేదు. ఊరికే చూద్దామని." ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పిన నోరు, ఒక్క నిజం చెప్పమంటే నీళ్ళు నమిలింది.

రెండు రోజుల తర్వాత ఫలితం వచ్చింది. ఇరవై నాలుగు గంటల్లో మూత్రం పద్నాలుగు వందల నలభై మిల్లీలీటర్లు, అంటే నిమిషానికి సరిగ్గా ఒకటి. అందులో క్రియాటినిన్ 64, రక్తంలో 1.1. మూత్రంలోని గాఢతని నిమిషపు పరిమాణంతో గుణించి, రక్తంలోని గాఢతతో భాగించాలి. ఈ లెక్క నేను నిద్రలో లేపి అడిగినా చేస్తాను. ఆ రోజు మూడుసార్లు చేశాను. మూడుసార్లూ యాభై ఎనిమిదే వచ్చింది. అదే 64ని అయిదేళ్ళనాటి 0.6తో భాగిస్తే నూట ఏడు. పైగా కొంత క్రియాటినిన్ మూత్రపిండపు గొట్టాల గోడల నుంచి కూడా మూత్రంలోకి చేరుతుంది కాబట్టి, అసలు వడపోత యాభై ఎనిమిది కంటే తక్కువే ఉంటుంది. ల్యాబు వాళ్ళ తప్పేమోనని ఎంత వెతికినా తప్పు దొరకలేదు. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

కిడ్నీ డాక్టరు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి. అయిదు రిపోర్టుల్నీ బల్ల మీద వరసగా పరిచాడు. నేను అయిదేళ్ళలో చేయని పని ఆయన అరనిమిషంలో చేశాడు.

"పోయింది చాలావరకు తిరిగి రాదమ్మా. ఉన్నది కాపాడుకుందాం. మాత్రలు ఆపారు, మంచిది. ఇంతకీ రోజుకి రెండు చొప్పున ఇన్నేళ్ళు వాడమన్నదెవరు?"

నేను నోరు తెరిచాను. మాట బయటికి రాకముందే చెల్లెలు అందుకుంది. "ఎవరూ కాదండీ. నేనే కొనుక్కున్నాను. మా అక్కకి తెలీదు."

ఆయన నా వైపు చూశాడు. "నేనే చెప్పానండీ" అన్నాను. చెల్లెలు బల్ల కింద నా చెయ్యి గట్టిగా నొక్కింది, ఊరుకోమన్నట్టు. తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు.

మర్నాడు తరగతిలో సందేహాన్ని లేపి, మొదటి ప్రశ్నకు ఆమె జవాబే సరైనదనీ, తప్పు ప్రశ్న ఇచ్చిన మనిషిదనీ అందరి ముందూ చెప్పాను. రెండు మార్కులూ వేశాను. ఆ అమ్మాయి ముఖంలో గెలిచిన సంతోషం ఏమాత్రం లేదు. తరగతి అయిపోయాక దగ్గరికొచ్చి, "ఆవిడకి చెప్పారా మేడమ్?" అని మాత్రం అడిగింది.

"చెప్పాలి" అన్నాను. డాక్టరు చెప్పింది చెల్లెలు విన్నది గానీ, నేను దానికి ఇంకా ఏమీ చెప్పలేదు.

సాయంత్రం దుకాణానికి వెళ్ళేసరికి అది మెడకి వేడినీళ్ళ సంచీ పెట్టుకుని కూర్చుంది. నొప్పి ఎక్కడికీ పోలేదు, మాత్రలే పోయాయి. నన్ను చూసి ఒక బ్రౌన్ కాగితం బల్ల మీద పరిచి, గుర్తులు పెట్టే సుద్ద నా చేతికిచ్చింది.

"నీ పిల్లలకి చెప్పినట్టు నాకూ చెప్పవే. నాకేం జరిగిందో నాకు తెలియాలిగా."

గీశాను. అడ్డంగా వడపోత, నిలువుగా క్రియాటినిన్. కుడి చివర నుంచి ఎడమకు వస్తూ గీత చాలా దూరం దాదాపు చదునుగా సాగి, తర్వాత నిటారుగా పైకి లేచింది. ఈ చదునులోనే సగం పోతుందనీ, అంతసేపూ అంకె కొద్దికొద్దిగానే కదులుతుందనీ, పైకి లేచాక అందరికీ కనపడుతుందనీ చెప్పాను. దాని అయిదు చుక్కలూ పెట్టాను. చివరి చుక్క, గీత లేవబోయే చోటికి కొంచెం ఇవతల ఉంది.

అది చంకల వంపులూ మెడల వంపులూ కత్తిరించి బతికే మనిషి. వంపు ఎక్కడ మొదలవుతుందో దానికి నేను చెప్పక్కర్లేదు. ఆ గీత మీద వేలు పెట్టి, కుడి నుంచి మెల్లగా జరుపుకుంటూ వచ్చి మూడో చుక్క దగ్గర ఆపింది.

"ఇక్కడ మిగిలింది ఎంత?"

"నూట ఏడులో ఎనభై."

"నడుం కొలత అర అంగుళం పెరిగితే నేను పాత కొలతల చీటీ తీసి చూస్తానక్కా" అంది. దాని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. వేలు మాత్రం అక్కణ్ణించి తీయలేదు. "నిన్ను అడిగింది ఇక్కడే కదూ?"

"అవునే" అన్నాను. "ఇక్కడే."