రికార్డులో ఇంటాయన

నర్సమ్మ ఇల్లు అమ్ముడుపోవాలంటే అడ్డంకి ఒక్కటే. మునిసిపాలిటీ పన్ను రికార్డులో ఆ ఇంటి యజమాని, కింది వాటాలో అద్దెకుంటున్న టైలర్.

వెనకటి సర్వేలో ఆమె ఆసుపత్రి డ్యూటీలో ఉంది. తలుపు తీసింది టైలర్. సర్వే చేసేవాడు అతని పేరే రాసుకుని పోయాడు. ఆమె రిటైరయ్యేదాకా రసీదు మీద పేరు చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు కొనేవాడి బ్యాంకు చదివింది. నెలాఖరులోగా పేరు మారకపోతే బేరం రద్దు.

కమిషనర్‌కు అర్జీ పెట్టింది. దస్తావేజు నకలు, పన్ను రసీదు జతచేసింది. రికార్డులో ఉన్నవాడికి నోటీసు వెళ్లింది. దాంతో టైలర్ నడకే మారిపోయింది.

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణకు వచ్చేసరికి అతను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నాకు అభ్యంతరం ఉంది సార్. ఇల్లమ్మితే నా మిషన్లు ఎక్కడ పెట్టుకోను?"

"పన్ను పుస్తకంలో పేరుంటే ఇల్లు రాదయ్యా. పన్ను మాత్రం వస్తుంది."

"రాకపోనివ్వండి. అభ్యంతరం రాసిస్తే ఏమవుతుంది?"

"ఇద్దర్నీ పిలిచి విచారించాలి. నెలలు పడుతుంది."

టైలర్ కాలు మీద కాలేసుకున్నాడు. "విన్నారా నర్సమ్మగారూ? మూడేళ్లు ఉండనిస్తానని కాగితం రాయండి, సంతకం పెడతాను. లేదంటే ఈ నెల అద్దె మీరే నాకివ్వండి!"

కొనేవాడికి ఖాళీ ఇల్లు కావాలి. నర్సమ్మ ఓ క్షణం మేడ మెట్ల వైపు చూసింది.

"సార్, పైన ఇంకో గది ఉంది. కొలుచుకోండి."

ఇన్‌స్పెక్టర్ ఫైలు తిరగేశాడు. "పై గది ఇందులో లేదే?"

"పర్మిషన్ ఉంటేగా ఉండటానికి! కట్టి ఆరేళ్లయింది."

టైలర్ కాలు కిందికి దిగింది.

"అయితే అప్పట్నించీ పన్ను, దాని మీద జరిమానా" అన్నాడు ఇన్‌స్పెక్టర్, టేపు తీస్తూ. "డిమాండ్ నోటీసు రికార్డులో ఉన్న పేరుకే వస్తుంది."

"అంటే నాకా?"

"మరి మీరేగా ఇంటాయన!" అంది నర్సమ్మ.

"అన్యాయం సార్! ఆ గది ఈవిడే కట్టించింది. ఇటుకలు నా కళ్లముందే దిగాయి. ఇల్లు ఈవిడది, గదీ ఈవిడదే!"

"అదే రాసివ్వండి."

టైలర్ రాసిన స్పీడుకి పెన్ను కాగితాన్ని చించినంత పనిచేసింది. సంతకం పెట్టి, అడక్కుండానే వేలిముద్ర కూడా వేశాడు.

ఇన్‌స్పెక్టర్ కాగితం మడిచి నర్సమ్మ వైపు తిరిగాడు. "పేరు మార్పుకి సిఫార్సు చేస్తాను. గది సంగతి కూడా రాస్తాను. ఇక వదల్లేను."

"తెలుసు సార్."

"కొనేవాడు ధర తగ్గించమంటాడు."

"తగ్గిస్తాను. ఆ గది దాచినందుకు ఆరేళ్లు ఇతగాడికి నోరెత్తి అద్దె పెంచలేకపోయాను. మునిసిపాలిటీకి చెప్తానని బెదిరించేవాడు."

టైలర్ కుర్చీ మడత పెడుతున్నాడు.

"కుర్చీ అక్కడ పెట్టు నాయనా" అంది నర్సమ్మ. "అది కూడా నాదే."