పోయిన వారం ఫోన్లో మాట్లాడుకున్నట్టుగా

మా అమ్మాయి కూతురు ఒక కోచింగ్ సెంటర్లో పని చేస్తుంది. నోరు మూయదని దాన్ని నేను పిచ్చిక అంటాను. పాఠాలు చెప్పే పని కాదు దానిది. ముక్కూ మొహం తెలియని ప్రిన్సిపాళ్ళకు మెయిళ్ళు రాయడం. "మీ పదో తరగతి పిల్లలకు పరీక్షల భయం పోయేలా గంటన్నర వర్క్‌షాప్ పెడతాం, డబ్బు అక్కర్లేదు, ఒక హాలూ ప్రొజెక్టరూ ఇస్తే చాలు" అని. ఊరికే ఎందుకు పెడతారూ? చివర్లో పిల్లల చేత అమ్మానాన్నల ఫోన్ నంబర్లు రాయించుకుంటారు. ఆ తర్వాత వాళ్ళకు ఫోన్ల మీద ఫోన్లు చేసి కోచింగ్‌లో చేర్పించుకుంటారు.

ఎన్ని రాసినా ఒక్కరూ పలకలేదు.

"మొదటి ముక్కలోనే తెలిసినవాళ్ళలా ఉండాలమ్మా. పోయిన వారం ఫోన్లో మాట్లాడుకున్నట్టుగా అని మొదలుపెట్టు. బోలెడుమందితో మాట్లాడే మనుషులు, ఎవరికి గుర్తుంటుంది?" అన్నాడట వాళ్ళ మేనేజరు. ఈసారీ ఏదీ కుదరకపోతే వేరే పని చూసుకోమన్నాడట. మా ఇల్లు నడిచేది దాని జీతం మీదే. పిచ్చిక ఆ ముక్క చేర్చి అందరికీ పంపేసింది.

మర్నాడు ఒక జవాబు వచ్చింది. నాకు చదివి వినిపిస్తూ మధ్యలో ఆగిపోయింది.

"మీరు రాసిన ప్రిన్సిపాల్ మా ఆయన. మొన్ననే పోయారు. పక్షవాతంతో మాట పడిపోయి నెల దాటింది. మీరు చెప్పిన వారమంతా ఆసుపత్రిలోనే ఉన్నారు. స్నానానికి నేను ఇంటికి వచ్చిన కాసేపు ఫోను ఆయన దిండు పక్కనే ఉండేది. మీతో నిజంగా మాట్లాడారా? ఒక్క మాటైనా సరే, ఏమన్నారో చెప్పండి."

మేనేజరుకు చూపిస్తే, "వేరే స్కూలుకు వెళ్ళాల్సిన మెయిల్ పొరపాటున మీకొచ్చిందని రాసి పారెయ్" అన్నాడట. మా అమ్మాయి ఇంకో దారి చూపింది.

"బాగా మాట్లాడారు, పిల్లలకు మంచిదే అన్నారు అని చెప్పవే. పోయిందేముంది? ఆవిడ మనసు కుదుటపడుతుంది."

నిజం చెప్పొద్దూ, నాకూ అదే మంచిదనిపించింది.

"ఆయన గొంతుతో నేను మాట్లాడాలా అమ్మమ్మా?" అంది పిచ్చిక. "పద, నేనూ వస్తాను" అన్నాను.

వచ్చి కలుస్తామని ముందే రాసి, పదో రోజు దాటాక స్కూలుకు వెళ్ళాం. ఆవిడ అక్కడే లెక్కల టీచరు. ప్రిన్సిపాల్ గదిలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో ఆవిడ కూర్చుంది. మమ్మల్ని చూడగానే లేచింది.

"నువ్వేనా తల్లీ? ఆయన ఫోన్లో తెలియని నంబర్లు చాలా ఉన్నాయి. మీది ఏదో తెలియక ఒక్కోదానికీ చేసి అడిగాను. ఒకడు అప్పిస్తానన్నాడు, ఒకడు పార్సిల్ అన్నాడు. చెప్పు, ఏమన్నారు?"

పిచ్చిక కూర్చోలేదు.

"మాట్లాడలేదు మేడమ్. నేను అసలు ఫోనే చేయలేదు. ఎవరికీ చేయలేదు. జవాబు ఇస్తారని అలా రాశాను."

ఆవిడ నెమ్మదిగా కూర్చుంది. బయట వరండాలో పిల్లలు పరుగెత్తుతున్నారు, ఎవరో అరిచి ఆపారు. ఆవిడ చేతి మీద చెయ్యి వేద్దామని నాకు అనిపించింది కానీ ధైర్యం చాలలేదు.

"నమ్మేశాను" అందావిడ. "రాత్రిళ్ళు ఊహించుకున్నాను. ఏమని ఉంటారు, అంత కష్టపడి ఏ మాట అని ఉంటారు అని. నాతో అనలేనిది మీతో అన్నారేమోనని కోపం కూడా వచ్చింది ఆయన మీద."

"తిట్టండి మేడమ్" అంది పిచ్చిక.

"తిట్టి ఏం చేసుకోను? ఎంతమందికి రాశావిలా?"

"స్కూళ్ళన్నిటికీ."

"అయితే వాళ్ళకూ చెప్పు. ఇప్పుడే. ఇంటికెళ్తే మీవాళ్ళు రాయనివ్వరు."

పిచ్చిక నా వంక చూసింది. ఆ చూపులో జీతం ఉంది, ఇల్లుంది, వాళ్ళమ్మ ఉంది. నేను తల ఊపాను. అది నిలబడే ఫోన్లో రాసి, మాకు చదివి వినిపించింది: "పోయిన వారం మనం మాట్లాడుకోలేదు. అది అబద్ధం. క్షమించండి. మా వర్క్‌షాప్‌లో తల్లిదండ్రుల నంబర్లు కూడా తీసుకుంటాం, ఆ సంగతి చెప్పలేదు. అది తెలిసి కూడా కావాలనుకుంటేనే జవాబివ్వండి."

పంపించేసింది. అందరితో పాటు మేనేజరుకూ వెళ్ళినట్టుంది, కాసేపటికే ఫోను మోగింది. పిచ్చిక దాని వంక చూస్తూ నిలబడింది. గదిలో ఆ మోతే వినిపిస్తోంది.

"తీసి మాట్లాడు తల్లీ" అంది ఆవిడ, పక్క కుర్చీ దగ్గరకు లాగుతూ. "కూర్చుని మాట్లాడు. నేనిక్కడే ఉంటాను."