రెండు చెంపల కొలత

కృష్ణప్రియ చెయ్యి నెల రోజులుగా కుడి చెంప మీదే ఉంటోంది. బస్సులో కూర్చున్నా, అన్నం ముందు కూర్చున్నా, వేళ్లు తమంతట తామే వెళ్లి ఆ చెంపను తడిమి వస్తున్నాయి. ఎడమ చెంప నిండుగా, కుడి చెంప లోపలికి పోయినట్టుగా అనిపిస్తోంది. ఇరవై నాలుగేళ్లు అదే మొహంతో బతికింది; ఒక్కనాడూ అలా అనిపించలేదు. అరవై ఎనిమిది మార్కులు వచ్చిన దగ్గర్నుంచే అనిపిస్తోంది.

ఆ మార్కులు వేసింది ఆమె పని చేసే చోటే. పుప్పాలగూడలో అద్దాల బిల్డింగు నాలుగో అంతస్తులో మొహానికి మెరుగులు దిద్దే క్లినిక్ అది. చుట్టుపక్కల కంపెనీల అమ్మాయిలు షిఫ్టు దిగి వస్తారు, పెళ్లిళ్ల ముందు తల్లులూ కూతుళ్లూ కలిసి వస్తారు. వచ్చినవాళ్లకు మొట్టమొదట ఫోటో తీసేది కృష్ణప్రియే. ఆ ఫోటోను కంప్యూటర్ ముక్కు గీత దగ్గర రెండుగా చీల్చి, రెండు పక్కలూ ఎంత సమంగా ఉన్నాయో కొలిచి, నూటికి ఇన్నని మార్కులు వేస్తుంది. ఆ కాగితం పట్టుకుని పక్క గదిలో మధుకర్ మాట్లాడతాడు. తక్కువైన వైపు సూదితో మందు ఎక్కించి చెంప నింపుతామని అతను చెబితే, కాదని లేచి వెళ్లినవాళ్లు తక్కువ.

మధుకర్ ఆమెకు మేనమామ కొడుకు. ఈ ఉద్యోగం ఇప్పించింది అతనే, పని నేర్పించింది అతనే. వచ్చే నెల ఇద్దరికీ నిశ్చితార్థం. ఖాజాగూడలో ఫోటో స్టూడియో నడిపే కృష్ణప్రియ తండ్రి రామన్న, అల్లుడి పేరెత్తితే చాలు మీసం దువ్వుకుంటాడు.

"స్టాఫ్ అందరికి ఒక్కసారి మార్కులు చూడుమన్నరు, జర నిలవడు పిల్లా," అని మధుకరే ఆమెకు ఫోటో తీశాడు. కాగితం చేతికిచ్చి, అంకె చూసి ఆమె మొహం వాడిపోతే, భుజం తట్టి నవ్వాడు. "ఫికర్ జెయ్యకు. కుడి దిక్కు జర తక్కువుంది గంతే. నిశ్చితార్థం లోపట నింపుకుందాం. నీకు ఊరికెనే జేస్తరు."

ఆ రాత్రి ఆమె ఏడ్చింది. తెల్లారి సరేనంది.

నెల గడిచాక ఒక శనివారం పదకొండు గంటలకు సూది. పాత డాక్టరు మానేసి వెళ్లిపోతే, రాజమండ్రి నుంచి వచ్చిన నీహారిక అనే డాక్టరమ్మ రెండు వారాల కిందటే చేరింది. బల్ల మీద పడుకోబెట్టేముందు, నుదుటి నుంచి జుట్టు వెనక్కి లాగి పట్టీ పెట్టి, దీపం దగ్గరికి జరిపి చూసింది. ఎడమ చెంప చూసింది, కుడి చెంప చూసింది. వేళ్లతో రెండూ నొక్కింది. ఒకసారి నవ్వమంది, ఒకసారి పళ్లు బిగించమంది.

"ఎక్కడ నింపమంటారండి?"

"కుడి దిక్కు, మేడమ్."

"కుడి వైపు ఏం తక్కువుందని?"

కృష్ణప్రియ కాగితం అందించింది. డాక్టరమ్మ దాన్ని చూసి, మొహం చూసి, మళ్లీ కాగితం చూసింది. "ఇందులో చెవులు కత్తిరించేశారేంటండి? అసలు ఫోటో ఉందా?"

కంప్యూటర్లో అసలు ఫోటో తెరిచారు. డాక్టరమ్మ పెన్నుతో తెర మీద చూపించింది. ఎడమ చెవి తమ్మెతో సహా మొత్తం కనిపిస్తోంది. కుడి చెవి అంచు మాత్రమే సన్నగా కనిపిస్తోంది.

"మీ తల తిరిగి ఉందండి. మీ కుడి పక్కకి తిరిగారు. అలా తిరిగితే కుడి చెంప కెమెరాకి ఇరుగ్గానే పడుతుంది. ఎవరికైనా అంతే. మీ మొహంలో లోపం లేదు, నిలబడిన తీరులో ఉంది."

కృష్ణప్రియకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. పాస్‌పోర్టు ఫోటోకు రెండు చెవులూ ఒక్క తీరుగా పడాలని పదేళ్ల వయసులోనే తండ్రి దగ్గర నేర్చుకున్న పిల్ల తను. తన ఫోటో విషయంలో మాత్రం, బావ ఇచ్చిన చెవుల్లేని కాగితాన్ని నెలరోజులు దిండు కింద పెట్టుకుని పడుకుంది.

"అయితే మేడమ్, సక్కగ నిలవడితే నాకు నూరొస్తయా?"

డాక్టరమ్మ నవ్వింది. "రావండి. నాకూ రావు. మనుషులెవరికీ రావు. వస్తే ఎలా ఉంటుందో చూస్తారా?"

ఆమె ఫోటోను ముక్కు గీత మీద రెండుగా కోసి, కుడి సగాన్ని తిప్పి ఎడమవైపు అతికించింది. తెర మీద మేకపిల్ల మూతిలాగా సన్నటి మొహం ఒకటి తేలింది. ఎడమ సగాన్ని తిప్పి అతికిస్తే, తవా మీద రొట్టెలా వెడల్పాటిది ఇంకొకటి వచ్చింది. రెండింటిలోనూ ఈ చెంపకీ ఆ చెంపకీ వెంట్రుకవాసి తేడా లేదు. రెండూ ఎవరో తెలియని మనుషుల్లా, బొమ్మల్లా చూస్తున్నాయి.

"ఇది తిరిగిన ఫోటో కాబట్టి మరీ వికారంగా వచ్చింది. తిన్నగా తీసి జాగ్రత్తగా సమం చేస్తే ఇంత ఘోరంగా ఉండదు గానీ, అందులో మీరు మాత్రం ఉండరు. ఎవరి దగ్గరికి పోయి కబుర్లు చెప్పాలనిపిస్తుందో చెప్పండి, వీళ్ల దగ్గరికా?" అని, డాక్టరమ్మ తన ఫోనులోంచి ఇంకో ఫోటో తెచ్చి పక్కన పెట్టింది. మొన్న భోజనాల దగ్గర తీసినది. కృష్ణప్రియ దేనికో పగలబడి నవ్వుతోంది. పెదవి ఎడమ మూల పైకి లేచింది, ఒక కన్ను రెండోదానికన్నా ఎక్కువ మూసుకుపోయింది.

అది వంకరే. కానీ చూస్తుంటే కృష్ణప్రియకే నవ్వొచ్చింది.

"జనానికి మొహాలు చూపించి మార్కులు వేయించిన పరిశోధనలు బోలెడున్నాయండి. రెండు పక్కలూ సమంగా ఉన్నందుకు కొంచెం విలువ ఉంది, లేదనను. కొంచెమే. చర్మం ఆరోగ్యంగా ఒకే రంగుతో ఉండటం, కన్నూ ముక్కూ మరీ వింతగా కాకుండా మనం రోజూ చూసే మొహాలకి దగ్గరగా ఉండటం, మాట్లాడేటప్పుడూ నవ్వేటప్పుడూ మొహం కదిలే తీరు, వీటికే మనసు ఎక్కువ పోతుంది. బాగా ఎరిగిన మొహమైతే చెప్పనే అక్కర్లేదు. మొహం ఒక పక్క ఉన్నట్టుండి జారిపోతే అది జబ్బు, అప్పుడు పరుగెత్తుకు రావాలి. మీది జబ్బు కాదు. నేను సూది వేయను."

కృష్ణప్రియ లేచి తిన్నగా తన ఫోటో గదికి వెళ్లింది. కెమెరా ఎదురుగా, మనిషి నిలబడే చోట తను నిలబడింది. గోడకు రెండు చుక్కలు అతికించి ఉన్నాయి. కెమెరా కన్నుకు సరిగ్గా పైన నీలం చుక్క. నిలబడినవాళ్లకు కుడి పక్కన, జానెడు దూరంలో పసుపు చుక్క. మొదటిసారి వచ్చినవాళ్లు పసుపు చుక్కను చూడాలి. సూది అయ్యాక వచ్చినవాళ్లు నీలం చుక్కను చూడాలి. కెమెరాలోకి సూటిగా చూస్తే కొత్తవాళ్లు బిగుసుకుపోతారు, అందుకే పసుపు చుక్క అని మధుకర్ చెప్పాడు. నిజమే కాబోలనుకుంది. ఏడాదిగా ఎంతమంది గడ్డం కిందకి వేలు పెట్టి, మెత్తగా పక్కకు తిప్పి, "ఆ పసుపు చుక్కను చూడుండ్రి అక్కా," అందో.

ఆమె పసుపు చుక్కను చూసింది. తల దానంతటదే కుడికి తిరిగింది.

మధుకర్ తన గదిలో టీ తాగుతున్నాడు. "అయిపోయిందా? నొప్పి పెట్టిందా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"పసుపు చుక్క ఎవలు పెట్టిండ్రు బావా?"

అతని కప్పు పెదవి దగ్గరే ఆగింది. మధుకర్‌కు అబద్ధం రాక కాదు. ఈ పిల్ల దగ్గర అవసరం లేదనుకున్నాడు. "నేనే. ఏమాయె?"

"తెల్సే పెట్టినవా?"

"జర కూసో. అరవకు, బయట కస్టమర్లున్నరు."

"అరుస్తలేను. అడుగుతున్న."

"గిది దుకాణం, ప్రియా. మొహం మంచిగనే ఉందని చెప్తే ఎవలు జేయించుకుంటరు? మందు మంచిదే ఎక్కిస్తరు, ఎవరికీ ఏం కాలె. రెండోసారి ఫోటో సూసుకోని వాళ్లంత ఖుష్ అయితున్నరు. నువ్వే తీస్తివి గద, ఎంత నవ్వుకుంట పోతరో సూడలేదా?"

"చూసిన. నా చేత్తోనే తిప్పిన వాళ్ల మొహాలు." ఆమె కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది. "వాళ్లంటె కస్టమర్లు. నన్నెందుకు తిప్పినవ్?"

మధుకర్ కిటికీలోకి చూశాడు. "గోడకు పెట్టనీకె ఫోటోలు గావాలన్నరు. చేయించుకోకముందు, చేయించుకున్నంక. బయటోళ్లు ఒప్పుకుంటలేరు. మనింటి పిల్లవైతే కాదనవని..."

"నా మొహం గోడకు పెడ్తనని ఎప్పుడు జెప్పినవ్?"

"చెప్దమనే అనుకున్న."

"ఒక్కటి జెప్పు. మార్కులు రాకముందు, నీకెప్పుడన్న నా చెంప తక్కువుందని అనిపించిందా?"

అతను ఈసారి ఆమెను చూశాడు. ఆ చూపులో కొంచెం మెత్తదనం కూడా ఉంది, అదే ఆమెకు ఎక్కువ మండింది. "నీ తోడు, ఎన్నడు అనిపియ్యలె. నువ్వు నవ్వుతే మూతి గట్ల పక్కకు పోతది గద, గదే నాకు మస్తు ఇష్టం. చిన్నప్పటి సంది."

నిజంగా వంకర కనిపించి చెప్పాడేమో, అతనికే సరిగా చూడటం రాదేమో అనుకోవడానికి ఇంతసేపూ ఆమె లోపల ఒక మూల చోటు ఉంచింది. ఇప్పుడు ఆ చోటు కూడా లేదు. అతనికి ఆ మొహం ఇష్టం. ఇష్టమైన మొహాన్నే ఎంచుకుని, లోపముందని చెప్పి, నెల రోజులు అద్దం ముందు నిలబెట్టాడు.

"నేను ఏడుస్తుంటె పక్కనే కూసున్నవ్ గద బావా."

"సూదైనంక అంత మర్చిపోతవనుకున్న."

"నిశ్చితార్థం లేదు. మా నాయినకు నువ్వు జెప్తవా, నేను జెప్పాల్నా?"

"గింత దానికా?" మధుకర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "రామన్న మామ ముంగట ఏమని జెప్తవు? చుక్క పెట్టిండని పెండ్లి వద్దంటవా? నవ్వుతరు పిల్లా."

"నవ్వుతె నవ్వనీ."

ఆమె బయటికి వచ్చేసరికి, హాల్లో సోఫా మీద సుబ్బలక్ష్మి అనే ఆవిడ కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, నల్లగండ్లలో కొడుకు దగ్గర ఉంటుంది. మనవడి ఉపనయనం ఫోటోల్లో మొహం సమంగా పడాలని వచ్చింది. పోయిన వారం ఆవిడకు ఫోటో తీసింది కృష్ణప్రియే. మార్కులు డెబ్భై ఒకటి. కాగితం మడతలు నలిగిపోయి ఉన్నాయి. ఆవిడ చెయ్యి కుడి చెంప మీద ఉంది.

"నా పేరు పిలిచారా అమ్మా?"

కృష్ణప్రియ ఆవిడ పక్కన కూర్చుంది. గాజు తలుపు వెనక మధుకర్ లేచి నిలబడటం కనిపించింది.

"లేదమ్మా. మీ ఫోటో నేను తప్పు తీసిన. మీ తల పక్కకు తిప్పిన, గందుకే ఒక దిక్కు తక్కువ పడ్డది. మీ చెంపకు ఏం గాలేదు. సూది అక్కర్లేదు. కావాల్నంటె లోపల డాక్టరమ్మను అడుగుండ్రి."

సుబ్బలక్ష్మి చెయ్యి చెంప మీద నుంచి దిగలేదు. ఇంత సులువుగా లోపం పోతుందంటే నమ్మబుద్ధి కానట్టు, కాగితాన్నీ పిల్లనీ మార్చి మార్చి చూసింది. "అదేంటమ్మా, ఆ అబ్బాయి అంత నమ్మకంగా చెప్పాడే. సొంత పెద్దమ్మకి చెప్పినట్టు చెప్పాడండి నాకు."

"అవునమ్మా," అంది కృష్ణప్రియ. "నాకు గూడ గట్లనే చెప్పిండు."