పదహారు పడవల పెట్టె

పొద్దున్నే పళ్ళయినా తోముకోకుండా ఫోను చూసిన పాచికలమ్మకి గుండెల్లో రాయి పడింది. చేత్తో చెక్కిన పడవల పెట్టె కావాలని నూట అరవై ముగ్గురు ముందుకొచ్చారు. నలభై మందికి మించి ఇవ్వలేని పెట్టె అది.

ఇంటి వెనక గదిలో, ఒక్కో విడతకి మూడు నాలుగొందల పెట్టెల చొప్పున బోర్డు ఆటలు తయారుచేసి అమ్ముకునే మనిషి తను. చిన్నప్పట్నుంచీ జేబులో పాచికలేసుకు తిరుగుతుందని మేనమామ పెట్టిన పేరే నిలిచిపోయింది. ఈసారి ఆట నది దాటించే పడవలది. డబ్బు కోసం నిన్ననే ఇంటర్నెట్లో చందాల పేజీ తెరిచింది. గడువు పది రోజులు. లక్ష్యం అందితేనే జనం వేసిన సొమ్ము చేతికొస్తుంది, రూపాయి తగ్గినా ఒక్క పైసా రాదు. డబ్బు వేసినవాళ్ళకి ఇచ్చేందుకు పేజీలో రెండు రివార్డులు పెట్టింది: మిషను కోసిన పడవలతో మామూలు పెట్టె, మామయ్య చెక్కిన పదహారు పడవలతో ఖరీదైన పెట్టె.

పేజీని పన్నెండుసార్లు దిద్దింది. కామాలు కూడా చూసుకుంది. ‘ఎంతమందికి’ అన్న గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. మామయ్యతో నలభై, నలభై అని నెల్లాళ్ళు అనుకుని అనుకుని, రాసేశాననే నమ్మింది మహాతల్లి!

గబగబా పరిమితి నూట అరవై మూడుకి బిగించింది. అంతకన్నా దించనివ్వదు ఆ సైటు, ఎక్కినవాళ్ళని తనంతట తను దించే వీలూ లేదు. వాళ్ళకి చెప్పిన మాటా మార్చనివ్వదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మామయ్యకి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది.

“నూట అరవై ముగ్గురా! నా చేతిపని కోసమే?”

“నాలుగు రోజులకో పెట్టె కదా మామయ్యా. రెండేళ్ళకి దగ్గర పడుతుంది. ఆర్నెల్లలో పంపుతానని రాశాను.”

“చేసేద్దాంలేవే.”

ఫర్నిచర్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు చేశాక, ‘నీ చెయ్యి నెమ్మదయ్యా, ఆలస్యం అమృతం విషం’ అంటూ సూపర్వైజరు ఆయన్ని ఇంటికి పంపేశాడు. ఆ చేతిని ఇన్నాళ్ళకి కావాలనుకున్నారు జనం. వద్దని ఏ నోటితో చెప్పాలి?

ఆయన అప్పుడే ఉలి పట్టాడు. సాయంత్రానికి పదకొండు పడవలు బల్ల మీదున్నాయి. ఆమె ఒకటి చేతిలోకి తీసుకుంది. అంచు గరుకుగా ఉంది, తెరచాప పక్కకి ఒరిగింది. ఆయనా చూశాడు. దాన్ని తీసుకుని తిప్పితిప్పి చూసి, పక్కన పెట్టాడు.

“ఇది నాది కాదే పాచికలమ్మా. రాసెయ్. ఉన్నదున్నట్టు రాసెయ్.”

ఉలి బల్ల మీద పెట్టి, “మనిషికో పడవైతే చెక్కగలను” అన్నాడు.

అలా మూడో రివార్డు పుట్టింది: పదిహేను మిషనువి, ఒకటి మామయ్యది, ధర తక్కువ. అందరికీ తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసింది. దయచేసి మీరే ఇందులోకి మారండి, ఆలస్యమైనా పాతదాంట్లోనే ఉండదలచినవాళ్ళు ఒక్క ముక్క రాయండి అంది.

అక్కణ్ణుంచి కాలుగాలిన పిల్లి అయిపోయింది. ఒకరు దిగితే ఆ ఖాళీలోకి కొత్తవాళ్ళు ఎక్కేస్తున్నారు. దిగిన వెంటనే పరిమితి ఒకటి తగ్గించాలి. అన్నం కలిపిన చేత్తోనే, స్నానం మధ్యలోంచి లేచొచ్చి మరీ తగ్గించింది. నూట నలభై. తొంభై ఎనిమిది. డెబ్భై. అంకె తగ్గిందని ఊపిరి పీల్చుకునేలోపే అసలు మొత్తం కూడా జారింది. లక్ష్యం దాటి నూట ముప్ఫై శాతంలో ఉన్నది తొంభై ఆరుకి దిగిపోయింది. నిజం చెప్పినందుకు ఇదా ఫలితం అని ఏడుపొచ్చింది. నోరు మూసుకుని ఉంటే డబ్బు వచ్చేదిగా అని కూడా అనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం వరకూ అదే తొంభై ఆరు. మామయ్య ఆ గదిలోకి రావడమే మానేశాడు. గడువు ఇంకో రెండు గంటలుందనగా మామూలు పెట్టెకి నలుగురు, ఒక్క పడవ పెట్టెకి తొమ్మండుగురు వచ్చారు. నూట ఒకటి. ఆమె కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

చేతిపని పెట్టెలో చివరికి యాభై ఎనిమిది మంది మిగిలారు. నలభై సకాలంలో వెళ్తాయి. తక్కిన పద్దెనిమిది మందీ మేం ఆగుతామని రాసినవాళ్ళే.

“తొమ్మిది నెలలు పడుతుందని చెప్పావా వాళ్ళకి?” గుమ్మంలోంచే అడిగాడు మామయ్య.

“చెప్పాను. ఒకాయన ఏం రాశాడో వినండి. ‘మాస్టారికి తొందర లేదని చెప్పండి.’”

మామయ్య లోపలికొచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“మళ్ళీ చదువమ్మా.”