ఆరా, ఆరున్నరా

కోదాడలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీ అటానమస్ అయినప్పటి నుంచి పరీక్ష వాళ్ళే పెట్టుకుంటారు, దిద్దడానికి మాత్రం బయటివాళ్ళను పిలుస్తారు. అట్లా సూర్యాపేట నుంచి రెండు రోజులుగా పొద్దున్నే బస్సెక్కి వస్తోంది శాంతకుమారి. ఆమె అక్కడి కాలేజీలో పదకొండేళ్ళుగా కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చెప్తున్న లెక్చరర్. ఈసారి తొంభై పేపర్లే. అన్నీ సప్లిమెంటరీవి, అంటే ఒకసారి తప్పి మళ్ళీ రాసినవాళ్ళవి. ఈ ఒక్క సబ్జెక్టు అడ్డంపడి డిగ్రీ చేతికి రానివాళ్ళు అందులో ఎందరుంటారో ఆమెకు తెలుసు.

చీఫ్ ఎగ్జామినర్ జగదీశ్ సార్. మిర్యాలగూడ మనిషి, ఒకప్పుడు శాంతకుమారికి చదువు చెప్పినవాడు. ఆయన నోట్సు ఈ మూడు ఊళ్ళలోనూ దొరకని జిరాక్స్ షాపు లేదు. టెక్స్ట్‌బుక్కు కొనని పిల్లలుంటారు గానీ ఆ నోట్సు లేని పిల్లలుండరు. జవాబుల 'కీ' తయారుచేసిందీ ఆయనే.

ఐదో ప్రశ్న ఇది: సూపర్‌పైప్‌లైన్, సూపర్‌స్కేలర్ డిజైన్లను పోల్చండి. నాలుగు స్టేజీల పైప్‌లైన్‌లో ఆరు ఇన్‌స్ట్రక్షన్లు నడపడానికి ఒక్కో డిజైన్‌కు ఎన్ని మూల క్లాకు సైకిళ్ళు పడతాయి? రెండింటి డిగ్రీ రెండు, అంటే సైకిలుకు రెండు ఇన్‌స్ట్రక్షన్లు బయల్దేరతాయి. సార్ నోట్సులో ఉన్నట్టే 'కీ'లో జవాబు చిన్నగా ఉంది. దానికీ ఆరే, దీనికీ ఆరే. ఒక్కోదానికి రెండు మార్కులు.

ఆమె నిన్న అట్లాగే దిద్దింది. మూడో కట్టలో ఒకరు సూపర్‌స్కేలర్‌కు ఆరు, సూపర్‌పైప్‌లైన్‌కు ఆరున్నర అని రాశారు. మొదటిదానికి రెండు వేసి, రెండోదానికి సున్నా చుట్టింది. మొత్తం ఇరవై వచ్చింది. పాసు కావాలంటే ఇరవై ఒకటి. కట్ట కట్టేసింది, సీలు పడింది. పేపరు మీద పేరుండదు, నంబరే ఉంటుంది. కాబట్టి బాధ కూడా నంబరుకు పడినంతే పడి, టీ తాగి ఇంటికి పోయింది.

కానీ బస్సులో కూర్చున్నదగ్గరి నుంచీ ఆ ఆరున్నర వదల్లేదు. ఎవరైనా తప్పు రాస్తే ఎనిమిదో పదో రాస్తారు, ఇంత పద్ధతిగా అర ఎట్లా వచ్చింది? ఈ రోజు కుర్చీలో కూర్చోగానే పెన్సిలు తీసి రఫ్ కాగితం మీద గళ్ళు గీసింది.

సూపర్‌స్కేలర్‌లో ఇన్‌స్ట్రక్షన్లు జంటగా బయల్దేరతాయి. సున్నా దగ్గర ఒక జంట, ఒకటి దగ్గర ఒక జంట, రెండు దగ్గర చివరి జంట. ఒక్కోటి నాలుగు స్టేజీలు దాటడానికి నాలుగు సైకిళ్ళు. చివరి జంట ఆరు దగ్గర ముగుస్తుంది. సూపర్‌పైప్‌లైన్‌లో జంటలు లేవు. స్టేజీని రెండుగా చీల్చి, క్లాకును రెట్టింపు చేసి, అరసైకిలుకు ఒకదాన్ని వదులుతారు. ఆరోది రెండున్నర దగ్గర బయల్దేరుతుంది. దానికి నాలుగు కలిపితే ఆరున్నర.

మళ్ళీ గీసింది. మళ్ళీ ఆరున్నరే. తప్పింది ఆ నంబరు కాదు, తప్పింది తను. అదీ ఒకరోజు కాదు, పదకొండేళ్ళు క్లాసులో ఇదే ఆరూ ఆరూ చెప్పింది.

కాగితం పట్టుకుని సార్ టేబుల్ దగ్గరికి పోయింది. గురువు తప్పును గురువుకే చూపించడం కన్నా కొరివితో తల గోక్కోవడం నయమనిపించింది ఆమెకు.

"సార్, అయిదో ప్రశ్న కీ జర చూస్తరా? నాకు ఆరున్నర వస్తుంది."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "అర సైకిలుకు ఇంత పరేషాన్ అవుడెందుకమ్మా? లక్ష ఇన్‌స్ట్రక్షన్లు నడిస్తే ఆ అర ఏడ కనిపిస్తది? రెండూ సమానమే."

"లక్ష అడగలే సార్. ఆరు అడిగినం."

"అడిగితే?"

"లక్ష అయినా సక్కగ పోతేనే గద సార్ సమానం. నడుమ బ్రాంచి వచ్చి, ఎటు మలుగుతదో అంచనా తప్పితే పైప్‌లైన్ మొత్తం ఖాళీ అయితది. మల్ల నింపుకునుడే. నింపినప్పుడల్లా ఆ అర వెనుకబాటు మల్ల వస్తది. మామూలు ప్రోగ్రామ్‌ల అయిదారు ఇన్‌స్ట్రక్షన్లకు ఒక బ్రాంచి ఉంటదని మీరే చెప్పిన్రు."

జగదీశ్ సార్ ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. ఆయన మంచివాడే, కానీ ముప్ఫై ఏళ్ళు ఎవరూ ఎదురు చెప్పకపోతే మంచివాడికైనా మాట వినడం మరుపున పడుతుంది. "ఆ పేపర్ల ఇంకేం రాసిన్రు?" అన్నాడు.

శాంతకుమారికి గుర్తుంది. సూపర్‌స్కేలర్‌లో జంటలో రెండోదానికి మొదటిదాని ఫలితం కావలసివస్తే దాని చోటు ఖాళీగా పోతుందనీ, రెండింటికీ ఒకే మెమరీ దారి కావలసివస్తే ఒకటి ఆగాలనీ, అందుకే లెక్కచేసే యూనిట్లు రెండేసి పెట్టాలనీ ఉంది. సూపర్‌పైప్‌లైన్‌లో యూనిట్లు రెండేసి అక్కర్లేదు, కానీ ఒక్క కూడికకే రెండు చిన్న సైకిళ్ళు పడతాయి కనుక ఫలితం కోసం వెనకది ఆగాలి. స్టేజీల మధ్య ఫలితాన్ని పట్టి ఉంచే లాచ్‌లకూ కొంత సమయం పోతుంది, కాబట్టి చీల్చినంత మాత్రాన క్లాకు నిజంగా రెట్టింపు కాదు అని కూడా రాసి ఉంది. ఆమె అదంతా చెప్పింది.

"రాసినోళ్ళకు సమజ్ అయింది సార్. నేనే ఫెయిల్ చేసిన. ఇరవై దగ్గర ఆగింది."

ఆయన పెన్సిలు తీసుకుని తనే గళ్ళు గీశాడు. ఆరో గీత దగ్గర చెయ్యి ఆగింది. తర్వాత అటెండరు నాగయ్యను కేకేసి, కట్టలన్నీ తెమ్మన్నాడు.

"సీలు తీస్తే రిజిస్టర్లో కారణం రాయాలండి," అన్నాడు నాగయ్య. "ఎవరి పొరపాటని రాయమంటారు?"

"నాదే," అంది శాంతకుమారి.

"నీదెట్లయితది? కీ నాది." ఆయన రిజిస్టరు లాక్కుని తన పేరే రాసి సంతకం పెట్టాడు.

మూడో కట్టలో ఆ పేపరు తీసింది. సున్నాను ఒక గీతతో కొట్టి, రెండు వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. ఇరవై రెండు. ఆమె గుండె మీది బరువు దిగింది. ఎవరో ఏమో, ఏ ఊరో ఏమో, గట్టెక్కారు.

'ఆరు' రాసినవాళ్ళ మార్కులు తియ్యొద్దనుకున్నారు. మనం చెప్పిన తప్పుకు వాళ్ళను కొట్టడం న్యాయం కాదు కదా. ఇంకెవరైనా ఆరున్నర రాశారేమోనని మిగతా ఎనభై తొమ్మిదీ ఇద్దరూ పంచుకుని తిరగేశారు.

ఇంకెవరూ రాయలేదు. కానీ సార్ ఒక పేపరు దగ్గర ఆగి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆమె వంగి చూసింది. అక్కడ గళ్ళు సరిగ్గానే గీసి ఉన్నాయి. అడుగున ఆరున్నర అని రాసి, అడ్డంగా కొట్టేసి, పక్కన ఆరు అని దిద్ది ఉంది. ఇంకోటి తీస్తే అందులోనూ అంతే. మొత్తం ఏడు దొరికాయి. ఒకరైతే ఆరున్నరను కనపడకుండా నల్లగా పూసేశారు, కానీ ఒత్తి రాసిన గుర్తు కాగితం వెనక తెలుస్తూనే ఉంది.

జగదీశ్ సార్ ఆ ఏడింటినీ బల్ల మీద పరిచాడు.

"లెక్క వచ్చింది వాళ్ళకు," అన్నాడు. "వచ్చినంక నా నోట్సు యాదికొచ్చింది."

తన క్లాసులో కూడా ఇట్లా ఎందరు కొట్టేసుకున్నారో అనుకుంటే శాంతకుమారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ ఒక్కరే కొట్టెయ్యలే," అన్నాడాయన. "మార్కులు పోతయని తెలిసి కూడ కొట్టెయ్యలే. గా ఆరున్నరకు రెండే మార్కులు ఏసినవా శాంతా?"

"ఆ జవాబుకు అంతే ఉన్నయి, సార్," అంది ఆమె.